కాంక్రీటు గదిలో గేమ్ కన్సోల్: 5 గిగాహెర్ట్జ్ వైఫై అందాలంటే

ఇళ్లలో వైఫై ముఖ్యంగా రెండు బ్యాండ్లలో నడుస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడలు దాటుకుని దూరం పోగలదు, కానీ ఇరుకైనది. రెండోది విశాలమైనది, వేగమైనది, కానీ గోడ అడ్డం వస్తే తొందరగా నీరసపడుతుంది. గేమ్ కన్సోల్‌కు కావలసింది ఆ రెండోదే. ఇటుక గోడల ఇంట్లో ఈ రెండింటి తేడా పెద్దగా తెలియదు. గోడలన్నీ కాంక్రీటుతో పోసిన ఇంట్లో మాత్రం రౌటర్ డబ్బా మీద ‘డ్యూయల్ బ్యాండ్’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, లోపలి గదిలోని కన్సోల్‌కు 5 గిగాహెర్ట్జ్ పేరే కనిపించదు. కనిపించినా ఒక్క గీతతో వస్తూ పోతూ ఉంటుంది.

తెలుగు నగరాల్లో ఈ ఇబ్బంది కొత్తగా ఎక్కువవడానికి కారణం కట్టడం తీరు మారడమే. పాత ఇళ్లలో, చిన్న అపార్టుమెంట్లలో స్తంభాలూ స్లాబులూ మాత్రమే కాంక్రీటు. బయటి గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక, లోపలి గోడలు నాలుగున్నర అంగుళాల ఇటుక. హైదరాబాద్‌లో ఇప్పుడు లేస్తున్న ఎత్తైన టవర్లు చాలావాటిలో అల్యూమినియం షటరింగ్ వాడుతున్నారు. బిల్డర్లు దీన్నే మైవాన్ పద్ధతి అంటారు. ఇందులో గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి పోస్తారు. పడకగదికీ హాలుకూ మధ్య ఉన్న గోడ కూడా ఆరంగుళాల మందాన, ఇనుప చువ్వలతో ఉన్న ఆర్‌సీసీ గోడే అవుతుంది. భవనానికి అది బలం. వైఫైకి మాత్రం అదే పెద్ద అడ్డంకి.

ఎంత అడ్డంకో లెక్కలో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రేడియో సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. అంకె ముందు మైనస్ ఉంటుంది కాబట్టి -45 అంటే బలమైనది, -80 అంటే కొన ఊపిరితో ఉన్నది. 10 డీబీ తగ్గితే బలం పదో వంతుకు పడిపోయినట్టు. నిలకడగా ఆడుకోవాలంటే కన్సోల్ దగ్గర సిగ్నల్ -65 కంటే తగ్గకుండా ఉండటం మంచిది. అడ్డేమీ లేకుండా ఎనిమిది మీటర్ల దూరంలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాదాపు -45 దగ్గర అందుతుంది. మధ్యలో ఒక ఆర్‌సీసీ గోడ వస్తే సుమారు 15 నుంచి 20 డీబీ అక్కడే పోతుంది. రెండో గోడ కూడా అంతే తింటుంది. అంటే రెండు గోడల అవతలి గదిలో మిగిలేది -80 చుట్టుపక్కల. అదే దూరంలో, అవే గోడల వెనక 2.4 గిగాహెర్ట్జ్ -60 దగ్గర నిలబడుతుంది. ఆ బ్యాండుకు మొదటి నుంచీ నష్టం తక్కువ, కాంక్రీటులోనూ తక్కువే. కన్సోల్ తనంతట తాను 2.4ను ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, దానికి బలంగా వినిపిస్తున్నది అదే మరి.

గోడను సిగ్నల్ ఏటవాలుగా దాటితే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. ఎదురుగా దాటేటప్పుడు ఆరంగుళాలున్న గోడ, మూలగా దాటేటప్పుడు తొమ్మిది పది అంగుళాల గోడతో సమానం. తేమ ఉన్న కాంక్రీటు ఆరిన దానికన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. గృహప్రవేశమైన మొదటి ఏడాది వైఫై మరీ మొండికేయడానికి అదీ ఒక కారణమే.

2.4తో సర్దుకుంటే పోదా?

సినిమా చూడటానికి సర్దుకోవచ్చు. ఆన్‌లైన్ ఆటకు కష్టం. ఆడుతున్నంతసేపూ చాలా ఆటలకు సెకనుకు ఒక మెగాబిట్ కూడా అవసరం పడదు, కాబట్టి ఇక్కడ అసలు గొడవ వేగంతో కాదు. ప్రతి చిన్న కబురూ ఆలస్యం లేకుండా, ఒకే తీరున వెళ్లి రావడం ముఖ్యం. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారి ఒక్క పరికరమే మాట్లాడగలదు. మిగతావి విని, ఖాళీ అయ్యాక మాట్లాడాలి. 2.4 బ్యాండులో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే ఉన్నాయి: 1, 6, 11. అపార్టుమెంటులో పై ఫ్లాటు, కింది ఫ్లాటు, ఎదురు ఫ్లాటు అన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. పక్కింట్లో ఎవరో వీడియో చూస్తుంటే ఇక్కడి కన్సోల్ తన వంతు కోసం ఆగాలి. ఆ ఆగడం ఒక్కోసారి రెండు మిల్లీసెకన్లు, ఒక్కోసారి నూట యాభై. తెర మీద ఎదుటి ఆటగాడు ఉన్నచోటి నుంచి మాయమై ఇంకోచోట తేలేది అప్పుడే.

దీనికి తోడు ప్లేస్టేషన్, స్విచ్ కంట్రోలర్లు బ్లూటూత్ మీద పనిచేస్తాయి. బ్లూటూత్ కూడా 2.4 బ్యాండులోనే ఉంటుంది. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరిగేది కూడా ఆ పరిధిలోనే. కన్సోల్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే ఆట సమాచారం ఒక దారిన, కంట్రోలర్ ఇంకో దారిన పోతాయి. వీటి మధ్య పోటీ తప్పుతుంది.

డౌన్‌లోడుల సంగతి వేరు. అక్కడ వేగమే లెక్క. 60 గిగాబైట్ల ఆటను 100 ఎంబీపీఎస్ కనెక్షన్ నిండుగా వాడుకుంటే గంటా ఇరవై నిమిషాల్లో దించుకోవచ్చు. రద్దీగా ఉన్న 2.4 మీద 20 ఎంబీపీఎస్ మాత్రమే దొరికితే అదే ఆటకు ఆరు గంటల నలభై నిమిషాలు పడుతుంది. కనెక్షన్‌కు కట్టే డబ్బులో ఎక్కువ భాగం గోడకే పోతున్నట్టు లెక్క.

ఇదంతా మొదలుపెట్టే ముందు కన్సోల్‌లో 5 గిగాహెర్ట్జ్ రేడియో ఉందో లేదో చూసుకోవాలి. 2013లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 4లో అది లేదు. దానికి 2.4 ఒక్కటే తెలుసు. 2016లో వచ్చిన స్లిమ్, ప్రో మోడళ్ల నుంచి రెండు బ్యాండ్లూ ఉన్నాయి. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్, నింటెండో స్విచ్ అన్నింటిలోనూ ఉంది. మొదటి పీఎస్4 ఉన్నవాళ్లు యాక్సెస్ పాయింట్ కొన్నా ఆ కన్సోల్ 5కు ఎక్కదు. వాళ్లకు నేరుగా ల్యాన్ వైరు పెట్టడమే దారి.

గోడను దాటాల్సింది వైరు

సిగ్నల్ అందని ఇంటికి దుకాణంలో ముందుగా చూపించేది రిపీటర్. ప్లగ్గులో పెడితే చాలు, ధర కూడా తక్కువ. కాంక్రీటు ఇంట్లో దాని అవస్థ వేరుగా ఉంటుంది. రిపీటర్ కూడా రౌటర్ మాట వినాలి కదా. గోడ ఇవతల పెడితే దాని సిగ్నల్ అవతలి గదిలోకి పోవడానికి మళ్లీ అదే గోడ అడ్డం. గోడ అవతల పెడితే దానికే రౌటర్ సరిగా వినిపించదు. పైగా ఒకే రేడియోతో విని, మళ్లీ దానితోనే పంపాలి కాబట్టి దొరికిన వేగంలో సగం ఆ మోతలోనే పోతుంది, ఆలస్యం పెరుగుతుంది. మెష్ అని అమ్మే జంట పెట్టెలు తెలివైనవే. కానీ వాటిని వైరు లేకుండా వాడితే అవి కూడా ఆ గోడల గుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అదే మెష్ పెట్టెలను వైరుతో కలిపితే చక్కగా పనిచేస్తాయి. అలా కలిపాక అవీ యాక్సెస్ పాయింట్లే అవుతాయి.

యాక్సెస్ పాయింట్ అంటే వైరు మీద వచ్చిన నెట్‌వర్కును గాలిలోకి వదిలే పెట్టె. గోడ దాటే పని వైరుది, గదిలో మూడు నాలుగు మీటర్లు పోయే పని మాత్రం రేడియోది. కాంక్రీటు వల్ల వైరుకు ఏ నష్టమూ లేదు. క్యాట్ 6 వైరు వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని తగ్గకుండా మోస్తుంది. ఏ ఫ్లాటులోనూ అంత దూరం ఉండదు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. వైరు గది దాకా వచ్చాక దాన్ని కన్సోల్‌కే గుచ్చితే సరిపోదా? సరిపోతుంది, అన్నింటికన్నా మేలు కూడా. వైరు బయటికి వచ్చేచోటే టీవీ యూనిట్ ఉంటే యాక్సెస్ పాయింట్ గురించి ఆలోచించనక్కర్లేదు. కానీ చాలా ఇళ్లలో వైరు పైపు తేలేది ఒక గోడ దగ్గర, టీవీ బిగించింది ఎదుటి గోడకు. మధ్యలో తలుపు, మంచం, నడిచే దారి. ఆ గదిలోనే ఫోన్లు, లాప్‌టాప్, చేతిలో పట్టుకుని ఆడే స్విచ్ లాంటివీ ఉంటాయి, వాటికి వైరు పెట్టలేం. యాక్సెస్ పాయింట్ అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ఒక ఫ్లాటులో పని సాగే తీరు

రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి అనుకుందాం. గోడలన్నీ ఆర్‌సీసీ. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె వీధి తలుపు పక్కన, షూ ర్యాకు పైన ఉంది. అందరూ దాన్ని మోడెం అంటారు గానీ కంపెనీ వాడే పేరు ఓఎన్‌టీ. కన్సోల్ చివరి పడకగదిలో ఉంది. రెండింటి మధ్య దూరం తొమ్మిది మీటర్లు, మధ్యలో వంటింటి గోడ, పడకగది గోడ. ప్లాను 200 ఎంబీపీఎస్. కన్సోల్ మీద వచ్చేది పాతిక, ముప్పై.

మొదటి పని వైరుకు దారి వెతకడం. మైవాన్ ఫ్లాటులో గోడకు గాడి కొట్టి పైపు పెట్టడం కుదరదు. ఆ గోడే భవనం బరువు మోస్తోంది, చువ్వలు తెగితే ప్రమాదం. చిన్న బెజ్జమైనా అసోసియేషన్‌నూ బిల్డరు ఇంజినీరునూ అడగకుండా వేయకూడదు. అదృష్టవశాత్తూ పోత పోసేటప్పుడే టీవీ కేబుల్, టెలిఫోను కోసం పైపులు వేసి ఉంచుతారు. పడకగదిలో టీవీ సాకెట్ ఫలకం విప్పితే లోపల నల్లటి కేబుల్ టీవీ వైరు కనిపిస్తుంది. దాని రెండో కొస సాధారణంగా తలుపు దగ్గరి లో ఓల్టేజ్ పెట్టెలో ఉంటుంది. డిష్షుకో కేబుల్‌కో దాన్ని వాడటం లేదంటే అదే పెద్ద వరం. ఆ పాత వైరు ఒక కొసకు కొత్త క్యాట్ 6ను టేపుతో గట్టిగా చుట్టి, రెండో కొస నుంచి మెల్లగా లాగితే పాతది బయటికి వస్తూ కొత్తదాన్ని వెంట తెస్తుంది. ఒకరు ఇటు లాగుతుంటే ఇంకొకరు అటు నెడుతూ ఉండాలి. ముడి లావుగా ఉంటే పైపు వంపులో ఇరుక్కుంటుంది. అందుకే టేపును కొసకు పోయేకొద్దీ సన్నబడేలా చుట్టాలి. వైరుకు కాస్త సబ్బు నీళ్లు రాస్తే జారుడు బాగుంటుంది. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం ల్యాన్ వైరు దూర్చకూడదు. అది భద్రతకూ మంచిది కాదు, సిగ్నల్‌కూ మంచిది కాదు. ఖాళీ పైపు దొరకకపోతే గోడ అడుగున స్కర్టింగ్ వెంట ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ వేసి, తలుపు చట్రం పక్కనుంచి వైరు తీసుకుపోవచ్చు. చూడటానికి అంత అందంగా ఉండదు గానీ పనిలో లోటేమీ ఉండదు.

వైరు కొనేటప్పుడు పూర్తి రాగిదే అడగాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు చవకగా దొరుకుతుంది. అది లాగేటప్పుడు తెగుతుంది, కొన్నాళ్లకు జాక్ దగ్గర పట్టు వదిలేస్తుంది. కత్తెరతో ఒక తీగ కోసి కొసను గీకితే తెలిసిపోతుంది. లోపల తెల్లగా వెండి రంగులో ఉంటే అది రాగి కాదు.

కొసలకు జాక్ బిగించడం ఐదు నిమిషాల పనే అయినా, ఎక్కువ ఇళ్లలో తేడా వచ్చేది ఇక్కడే. వైరులో ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ఎడమ నుంచి వరుస ఇది: నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. రెండు కొసలా ఇదే వరుస ఉండాలి. జంటల మెలికను జాక్ దాకా వీలైనంత విప్పకుండా ఉంచాలి. ఎనిమిదింటిలో ఒక్క తీగ అందకపోయినా వైరు పూర్తిగా ఆగిపోకపోవచ్చు, చాలాసార్లు 100 ఎంబీపీఎస్‌కు దిగి నడుస్తూనే ఉంటుంది. అందుకే ఆ లోపం నెలల తరబడి బయటపడదు. బిగించిన వెంటనే లాప్‌టాప్‌కు ఆ వైరు పెట్టి లింకు వేగం ఎంత చూపిస్తోందో చూడాలి. 1000 రావాలి. 100 చూపిస్తే జాక్ కోసి మళ్లీ బిగించడమే.

ఇంకో కొస ఓఎన్‌టీలో పెట్టేటప్పుడు కూడా ఒక్క క్షణం ఆగి చూడాలి. ఇంటింటికీ ఇచ్చే ఓఎన్‌టీల్లో కొన్నింటికి ఒక్క పోర్టే గిగాబిట్‌ది, మిగతావి 100వే. దాని పక్కన `GE` అని గానీ, `LAN1` అని వేరే రంగుతో గానీ ఉంటుంది. యాక్సెస్ పాయింట్‌కు వెళ్లే వైరు అందులోనే ఉండాలి.

పాత రౌటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా మార్చడం

అటక మీద పాత రౌటర్ ఉంటే కొత్తది కొనకముందు దాన్ని దించి చూడవచ్చు. రెండు సంగతులు చూసుకుంటే చాలు. అది 5 గిగాహెర్ట్జ్ ఇచ్చేదై ఉండాలి, పోర్టులు గిగాబిట్‌వై ఉండాలి. ‘ఎన్300’ అని రాసి ఉన్నది 2.4 మాత్రమే ఇస్తుంది, ఈ పనికి పనికిరాదు. ‘ఏసీ1200’ అని రాసి ఉన్నవాటిలో 5 గిగాహెర్ట్జ్ ఉంటుంది. అయితే తక్కువ ధర మోడళ్లలో పోర్టులు 100వే ఉంటాయి. 100 ఎంబీపీఎస్ ప్లాను ఉన్న ఇంటికి అది చాలు. ఈ ఫ్లాటులోలా 200 ఎంబీపీఎస్ ఉంటే సగం వేగం పోర్టు దగ్గరే ఆగుతుంది.

కొత్త రౌటర్లలో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అనే మీట సెట్టింగుల్లోనే ఉంటుంది. అది నొక్కితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. పాతవాటిలో ఆ మీట లేకపోతే చేత్తో మార్చాలి. అసలు సమస్య ఏమిటంటే రౌటర్‌కు పుట్టుకతోనే రెండు అలవాట్లున్నాయి. ఇంట్లో పరికరాలకు ఐపీ అడ్రసులు పంచడం ఒకటి, తన వెనక ఉన్నవాటిని బయటి నెట్‌వర్కు నుంచి వేరుచేయడం రెండోది. ఈ రెండు పనులూ ఓఎన్‌టీ ఇప్పటికే చేస్తోంది. ఇంట్లో ఆ పనులకు ఇద్దరు ఉండకూడదు.

ముందు పాత రౌటర్‌ను ఓఎన్‌టీకి కలపకుండా విడిగా లాప్‌టాప్‌కు కలపాలి. దాని సెట్టింగుల్లో `DHCP Server` ఆపేయాలి. ఆ తర్వాత దాని సొంత అడ్రసు మార్చాలి. ఓఎన్‌టీ అడ్రసు `192.168.1.1` అయితే దీనికి `192.168.1.2` ఇవ్వవచ్చు. ఓఎన్‌టీ ఇతర పరికరాలకు పంచే వరుసలో ఆ అంకె లేకుండా చూసుకోవాలి. పంచే వరుస 100 నుంచి 200 దాకా ఉంటే 2తో పేచీ లేదు. చివరగా ఓఎన్‌టీ నుంచి వచ్చిన వైరును పాత రౌటర్ మీద వేరే రంగులో ఉన్న వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టుల్లో ఒకదానిలో పెట్టాలి. యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్న రౌటర్లలో మాత్రం ఏ పోర్టు వాడాలో ఆ పెట్టెతో వచ్చిన కాగితం చెబుతుంది.

ఇప్పుడు రేడియో సెట్టింగులు. ఈ పెట్టె 5 గిగాహెర్ట్జ్‌కు విడిగా ఒక పేరు పెట్టడం మేలు, ఉదాహరణకు `Room-5G`. ఇల్లంతా ఒకే పేరు ఉంటే ఫోను పట్టుకుని గది మారినప్పుడు సౌకర్యమే. కానీ కన్సోల్ ఉన్నచోటే ఉంటుంది. ఒకే పేరు మీద దూరపు 2.4, దగ్గరి 5 రెండూ కనిపిస్తే అది ఏది పట్టుకుంటుందో చెప్పలేం. ఒకసారి కరెంటు పోయి వచ్చినప్పుడు ముందుగా లేచిన ఓఎన్‌టీ 2.4ను పట్టుకుని దాన్నే వదలకుండా ఉండిపోవచ్చు. విడి పేరు పెట్టి, కన్సోల్‌లో పాత పేరును మరిపిస్తే ఆ అవకాశమే ఉండదు. ఈ పెట్టెలోని 2.4 రేడియోను ఆపేసినా నష్టం లేదు, ఆ గదికి ఓఎన్‌టీ 2.4 ఎలాగూ అందుతోంది.

ఛానల్ విషయంలో ‘ఆటో’ను నమ్మకపోవడం మంచిది. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లను రాడార్లతో పంచుకోవాలి. వాటిని వాడే పెట్టె లేచిన తర్వాత కనీసం ఒక నిమిషం మౌనంగా విని, రాడార్ లేదని తేల్చుకున్నాకే సిగ్నల్ వదలాలి. మధ్యలో రాడార్ లాంటిది వినిపిస్తే ఆ ఛానల్ వెంటనే ఖాళీ చేయాలి. ఆట మధ్యలో వైఫై పేరే మాయమై, కాసేపటికి మళ్లీ ప్రత్యక్షమైతే మొదట అనుమానించాల్సింది దీన్నే. 36 నుంచి 48 దాకా, 149 నుంచి పైన ఉన్న ఛానళ్లకు ఈ నియమం లేదు. ఓఎన్‌టీని 36 మీద, యాక్సెస్ పాయింట్‌ను 149 మీద ఉంచితే ఒకదాని మాట ఇంకొకదానికి అడ్డురాదు. ఛానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టవచ్చు. పక్క ఫ్లాట్ల 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఇక్కడిదాకా రాకుండా ఆపుతున్నది కూడా ఆ కాంక్రీటే కాబట్టి ఇంత వెడల్పు వాడుకోవడానికి వీలుంటుంది. ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టిన గోడ చేసే మేలు ఇది.

పాస్‌వర్డ్ రక్షణకు డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపిక తీసుకోవాలి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత కన్సోళ్లు కలవవు.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది చివరి సంగతి. టీవీ వెనక దాచకూడదు, టీవీ వీపంతా లోహపు రేకు. అల్మారా అద్దం వెనకా వద్దు, అద్దానికి వెనక ఉండే లోహపు పూత సిగ్నల్‌ను తిప్పికొడుతుంది. కన్సోల్‌కు ఎదురుగా, నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున, మధ్యలో అడ్డం లేకుండా ఉంటే చాలు. మూడు మీటర్ల దూరంలో -45 చుట్టుపక్కల సిగ్నల్ వస్తుంది. ఇంతకుముందున్న -80తో పోలిస్తే ఇది మూడు వేల రెట్లు బలం.

సరిగ్గా పనిచేస్తోందా?

కన్సోల్‌లో ఉండే వేగం పరీక్ష ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. అది ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌తో మాట్లాడుతుంది. ఆలస్యం ఇంట్లో ఉందో బయట ఉందో అది చెప్పదు. కన్సోల్ ఉన్నచోటే విండోస్ లాప్‌టాప్ పెట్టి, దాన్ని `Room-5G`కి కలిపి ఈ రెండు ఆదేశాలు ఇస్తే ఇంటి సంగతి విడిగా తెలుస్తుంది.

```
netsh wlan show interfaces
ping -n 100 192.168.1.1
```

మొదటిది ఏ ఛానల్ మీద ఉన్నదీ, సిగ్నల్ ఎంత శాతమో చెబుతుంది. `Channel` దగ్గర 149 కనిపించాలి. 6 అనో 11 అనో కనిపిస్తే లాప్‌టాప్ ఇంకా పాత 2.4నే పట్టుకుని ఉంది. రెండో ఆదేశం ఓఎన్‌టీకి వంద చిన్న కబుర్లు పంపి, ఒక్కోటి ఎంతసేపట్లో తిరిగి వచ్చిందో చూపిస్తుంది. అదే గదిలో యాక్సెస్ పాయింట్ ఉంటే ఎక్కువ భాగం ఐదు మిల్లీసెకన్ల లోపు రావాలి. చివర్లో వచ్చే సగటు కన్నా గరిష్ఠ విలువను చూడాలి, ఆటను పాడుచేసేది అదే. ఇంట్లో వందకు వంద చక్కగా వస్తూ ఆట మాత్రం ఇంకా తడబడుతుంటే లోపం ఇంటి బయట ఉంది. ఆట సర్వర్ సింగపూర్‌లోనో ముంబైలోనో ఉన్నప్పుడు ఆ దూరం తినే సమయాన్ని ఏ యాక్సెస్ పాయింటూ తగ్గించలేదు.

కన్సోల్ వైఫైకి కలిసింది గానీ ఇంటర్నెట్ లేదని చెబుతుంటే పాత రౌటర్‌లో అడ్రసులు పంచే పని ఆగలేదేమో చూడాలి. ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, కనెక్షన్ స్టేటస్‌లోకి వెళితే డీఫాల్ట్ గేట్‌వే అడ్రసు కనిపిస్తుంది. అక్కడ `192.168.1.1` ఉండాలి. పాత రౌటర్ అడ్రసు `192.168.1.2` కనిపిస్తే అడ్రసు ఇచ్చింది అదేనన్నమాట. ఇంటర్నెట్ వస్తోంది, డౌన్‌లోడూ అవుతోంది, కానీ స్నేహితులతో మాట కలవడం లేదు, జట్టులో చేరడం కుదరడం లేదంటే వైరు ల్యాన్ పోర్టుకు బదులు వ్యాన్ పోర్టులో ఉండి ఉంటుంది. అప్పుడు కన్సోల్ రెండు రౌటర్ల చాటున చిక్కుకుంటుంది. అదే తెర మీద నాట్ టైప్ 3 అని కనిపించడం దానికి ఒక గుర్తు, 2 ఉంటే ఇబ్బంది లేదు. ఓఎన్‌టీలో యూపీఎన్‌పీ ఆపేసి ఉన్నా, కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచుతున్నా కూడా 3 వస్తుంది. అందుకే ముందు వైరు ఏ పోర్టులో ఉందో చూసుకుని, ఆ తర్వాతే కంపెనీకి ఫోను చేయడం మంచిది.

కరెంటు విషయం కూడా ముందే ఆలోచించుకోవాలి. ఓఎన్‌టీ ఇన్వర్టర్ మీద ఉండి యాక్సెస్ పాయింట్ లేకపోతే, కరెంటు పోయినప్పుడల్లా లోపలి గది మళ్లీ పాత స్థితికి వస్తుంది. రౌటర్ల కోసమే అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ దీనికి సరిపోతుంది, కాకపోతే పెట్టె అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ దానితో సరిపోలాలి. కొత్తగా యాక్సెస్ పాయింటే కొనేవాళ్లు ల్యాన్ వైరు మీదనే కరెంటు అందుకునే రకం తీసుకుంటే గదిలో ప్లగ్గు పాయింటు కూడా అక్కర్లేదు. దానికి కరెంటు ఎక్కించే ఇంజెక్టర్‌ను తలుపు దగ్గర ఓఎన్‌టీ పక్కనే పెట్టి, రెండింటినీ ఒకే ఇన్వర్టర్ పాయింటుకు కలపవచ్చు. ఇంజెక్టర్ రకం, యాక్సెస్ పాయింట్ కోరే రకం ఒకటే కావాలి. కొన్ని 48 వోల్టులవి, కొన్ని 24 వోల్టులవి. పెట్టెతో కలిపి ఇచ్చిన దాన్నే వాడితే ఆ తేడా రాదు.